గది అద్దె ఒకటి... బిల్లు మరొకటి!

హోటలు గది రోజుకెంత అని అడగటం అందరికీ వచ్చు. రెండు వేల నాలుగు వందలంటే రెండు వేల రెండు వందలకు బేరమాడటం కూడా మన ఆడవాళ్ళకు బాగానే వచ్చు. కానీ గది ఖాళీ చేసే రోజు పొద్దున కౌంటరు దగ్గర చేతిలో పెట్టిన బిల్లును పై నుంచి కింది దాకా చదివేవాళ్ళు ఎంతమంది? ఆటో బయట ఆగి ఉంటుంది. పిల్లాడు నీళ్ళ సీసా గదిలో మరిచిపోయానంటాడు. రైలు టైమవుతోందని ఆయన తొందర. కింద రాసిన మొత్తం చూసి డబ్బు కట్టేసి, బిల్లు మడిచి బ్యాగులో పడేస్తాం. అది మళ్ళీ బయటకొచ్చేది ఏ ఆర్నెల్లకో, బ్యాగు దులిపినప్పుడు.

నేను గుంటూరులో పన్నుల లెక్కలు చూసే ఆఫీసులో పని చేస్తాను. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఉన్న కొన్ని హోటళ్ళ బిల్లు పుస్తకాలు నెలనెలా నా బల్ల మీదికే వస్తాయి. అందుకని చుట్టాలెవరు ఏ హోటల్లో దిగినా బిల్లు నాకు చూపించడం మా ఇంట్లో అలవాటైపోయింది. అలా వచ్చిన ఒక బిల్లు గురించే ఈ కబురంతా. దాంట్లో మోసమేమీ లేదు. రాసినాయన చెడ్డవాడూ కాదు. కానీ 1,296 రూపాయలు ఎక్కువ పడ్డాయి. ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే, మీ బిల్లు మీరే చూసుకోవడం తేలికవుతుంది.

పెళ్ళికొచ్చిన ఆడపడుచు

2025 నవంబరు మొదటి వారంలో మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాదు నుంచి గుంటూరు వచ్చారు. వాళ్ళ అత్తగారి వైపు పెళ్ళి. మా ఇంటికి రమ్మంటే, మండపానికి దగ్గరని హోటల్లోనే దిగారు. మొగుడూ పెళ్ళాలూ, పదేళ్ళ పిల్లాడూ గురువారం మధ్యాహ్నం దిగారు. అత్తగారు ఒంగోలులో ఉన్న పెద్ద కూతురింటి నుంచి శుక్రవారం వచ్చి కలిశారు. అందరూ ఆదివారం పొద్దున ఖాళీ చేశారు. అంటే గది మూడు రాత్రులు.

ఫోనులో మాట్లాడుకున్నది ఇదీ: గది రోజుకు 2,400 రూపాయలు, టాక్సు అదనం. అదనపు మంచం, మనవాళ్ళు ఎక్స్‌ట్రా బెడ్ అంటారే, అది కావాలంటే రోజుకు 600. ముందుగా బుక్ చేసుకుని 2,000 అడ్వాన్సు పంపితే గది అద్దె మీద 10 శాతం తగ్గింపు. పన్నెండేళ్ళ లోపు పిల్లాడు తల్లిదండ్రుల మంచం మీదే పడుకుంటే వాడికి ఏమీ లేదు.

శనివారం సాయంత్రం, పెళ్ళికి బయలుదేరబోతూ బిల్లు తయారు చేసి ఉంచమని చెప్పి, ఆ కాగితం ఫోటో నాకు పంపింది. "వదినా, ఒకసారి చూడవా, ఎందుకో ఎక్కువ అనిపిస్తోంది" అని. బిల్లులో ఇలా ఉంది. గది మూడు రోజులకు 7,200. ఎక్స్‌ట్రా బెడ్ మూడు రోజులకు 1,800. కలిపి 9,000. దాని మీద టాక్సు 12 శాతం, 1,080. మొత్తం 10,080. అందులోంచి తగ్గింపు 720 తీసేస్తే 9,360. అడ్వాన్సు 2,000 పోను కట్టాల్సింది 7,360.

పైకి చూస్తే కూడికలు తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాలిక్యులేటరు పెట్టి కొట్టినా తేడా రాదు. అసలు చిక్కంతా అక్కడే. మనం బిల్లు చూడటమంటే కూడిక సరిచూడటం అనుకుంటాం. తప్పు కూడికలో ఉండదు. ఏది ముందు, ఏది తరవాత అన్న వరసలో ఉంటుంది, ఎన్ని రాత్రులన్న లెక్కలో ఉంటుంది, ఎంత శాతమన్న దాంట్లో ఉంటుంది.

రాత్రికో గీత

హోటలు బిల్లును మూడు రోజులకూ కలిపి ఒక ముద్దగా చూడకండి. కాగితం మీద రాత్రికో గీత గీసుకోండి. పాలవాడి లెక్క రోజుకో గీతగా గోడ మీద పెట్టుకునేవాళ్ళం గుర్తుందా, అలాగే. ఏ రాత్రి గదికెంత, ఆ రాత్రి అదనపు మంచం ఉందా లేదా, ఆ రాత్రికి టాక్సెంత, ఇలా విడివిడిగా.

మా ఆడపడుచు గదికి అలా వేస్తే: గురువారం రాత్రి గది 2,400. పది శాతం తగ్గింపు 240 పోతే 2,160. ఆ రాత్రికి అత్తగారు ఇంకా రాలేదు, మంచం వెయ్యలేదు. 2,160 మీద 5 శాతం టాక్సు 108 రూపాయలు. ఆ రాత్రికి 2,268.

శుక్రవారం రాత్రి గది తగ్గింపు పోను 2,160, మంచం 600, కలిపి 2,760. దాని మీద 5 శాతం 138. ఆ రాత్రికి 2,898. శనివారం రాత్రి కూడా అచ్చంగా అంతే, 2,898.

మూడూ కలిపితే 8,064 రూపాయలు. అడ్వాన్సు 2,000 పోను కట్టాల్సింది 6,064. హోటలు వాళ్ళు అడిగింది 7,360. తేడా 1,296.

అది ఒక్క చోట పడిన తేడా కాదు, మూడు చోట్ల పడింది. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

రాని అత్తగారికి వేసిన మంచం

మొదటిది ఎక్స్‌ట్రా బెడ్. గురువారం రాత్రి అత్తగారు ఒంగోలులో ఉన్నారు. అయినా మూడు రాత్రులకూ మంచం లెక్క రాశారు. 600 రూపాయలు, దాని మీద వాళ్ళు వేసిన 12 శాతం 72 రూపాయలు, కలిపి 672. మొత్తం తేడాలో సగానికి పైగా ఇదే!

ఇది ఎందుకు జరుగుతుందంటే, బుక్ చేసేటప్పుడు "నలుగురం వస్తున్నాం" అని చెబుతాం. అక్కడ రిజిస్టరులో నలుగురు అని, ఎక్స్‌ట్రా బెడ్ ఒకటి అని రాసుకుంటారు. కంప్యూటరులో గదికి ఒకసారి మంచం తగిలిస్తే, తీసెయ్యమని చెప్పేదాకా అది ప్రతి రాత్రీ పడుతూనే ఉంటుంది. పరుపు తెచ్చి వేసే కుర్రాడికి ఎప్పుడు వేశాడో తెలుసు, బిల్లు వేసే గుమస్తాకు తెలియదు. ఒక్కోసారి ఇంకోలా కూడా ఉంటుంది. మంచం వెయ్యకపోయినా మూడో మనిషి ఉన్నందుకే డబ్బు తీసుకుంటారు. దాన్ని 'ఎక్స్‌ట్రా పర్సన్' అంటారు. రెండూ ఒకటి కాదు. అందుకని అడిగేటప్పుడే "మంచానికా, మనిషికా?" అని అడగాలి. మనిషికైతే, ఆ మనిషి వచ్చిన రాత్రి నుంచే లెక్క. మంచానికైతే, మంచం వేసిన రాత్రి నుంచి.

పిల్లల విషయం హోటలుకో తీరు. కొందరు అయిదేళ్ళ దాకా ఉచితమంటారు, కొందరు పన్నెండు దాకా అంటారు. దీనికి చట్టం ఏమీ లేదు. వాళ్ళ రూలు వాళ్ళది, కాబట్టి గదిలోకి వెళ్ళాక కాదు, బుక్ చేసేటప్పుడే తేల్చుకోవాలి.

మా ఆడపడుచు అదృష్టం ఏమిటంటే, శుక్రవారం సాయంత్రం అత్తగారు వచ్చినప్పుడు కౌంటరులో ఆమె ఆధార్ కాగితం అడిగి తీసుకుని, రిజిస్టరులో తేదీ, టైము రాశారు. కింద ఆమె సంతకం కూడా ఉంది. "ఆ పేజీ ఒకసారి తియ్యమను" అన్నాను. తీశారు. దాంతో ఆ 600 గురించి మాట లేకుండా పోయింది. ఆలస్యంగా వచ్చి కలిసే మనిషి ఉంటే, రిజిస్టరులో ఆ మనిషి వచ్చిన తేదీతో విడిగా రాయించడం మేలు. పోలీసుల నిబంధన కోసం ఎలాగూ రాస్తారు, అదే మనకు సాక్ష్యం.

తగ్గింపు ముందా, టాక్సు ముందా?

రెండోది చిన్న మొత్తమే గాని, అన్నిచోట్లా జరిగేది. వాళ్ళు ముందు మొత్తం మీద టాక్సు వేసి, ఆ తరవాత తగ్గింపు 720 తీసేశారు. అంటే మనం కట్టని 720 రూపాయలకు కూడా టాక్సు కట్టించారన్నమాట. 12 శాతం చొప్పున అది 86 రూపాయల 40 పైసలు.

జి.ఎస్.టి. చట్టంలో 15వ సెక్షను ఉంది. అమ్మేటప్పుడు గాని, అంతకు ముందు గాని ఇచ్చిన తగ్గింపును బిల్లులో చూపిస్తే, ఆ తగ్గింపు పోగా మిగిలిన దాని మీదే టాక్సు అని అది చెబుతుంది. చీరల కొట్లో అయినా, హోటలు గదికైనా ఇదే సూత్రం. కాబట్టి వరస ఎప్పుడూ ఇలా ఉండాలి: గది అద్దె, అందులోంచి తగ్గింపు తీసివేత, దానికి మంచం కలపడం, ఆ వచ్చిన దాని మీద టాక్సు, చివర అడ్వాన్సు తీసివేత. అడ్వాన్సు మన డబ్బే కదా, అది తగ్గింపు కాదు. కాబట్టి టాక్సు వేసిన తరవాతే తియ్యాలి. ఈ రెండింటినీ కలగలిపి "మీకు 2,720 తగ్గించామండీ" అని చెప్పే కౌంటర్లు కూడా ఉన్నాయి, నవ్వొస్తుంది.

తగ్గింపు దేని మీద అన్నది మరో పేచీ. మా ఆడపడుచుకు గది అద్దె మీదే 10 శాతం అన్నారు కాబట్టి మంచానికి పూర్తిగా 600 కట్టాల్సిందే. దాంట్లో వాళ్ళ తప్పేమీ లేదు. 'మొత్తం బిల్లు మీద' అని ఉంటే మంచం కూడా 540 అయ్యేది. రెండు రాత్రులకు 120, దాని టాక్సు 6, అంటే 126 రూపాయల తేడా. కాబట్టి ఫోనులో "పది శాతం తగ్గిస్తామండీ" అనగానే సంతోషపడిపోకుండా "గదికేనా, బెడ్డుకు కూడానా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. జవాబును వాట్సాప్‌లో రాసి పంపమనండి.

ఫోనులో యాప్ ద్వారా బుక్ చేసేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. అక్కడ తగ్గింపు రెండు రకాలు. హోటలు తన అద్దెలోంచి ఇచ్చేది ఒకటి. యాప్ వాడో, కార్డు ఇచ్చిన బ్యాంకో తన జేబులోంచి ఇచ్చేది రెండోది. మొదటి దాంట్లో టాక్సు కూడా తగ్గుతుంది. రెండో దాంట్లో తగ్గదు. హోటలుకు రావలసింది హోటలుకు పూర్తిగా వస్తుంది, అందులో కొంత మీ బదులు వేరేవాళ్ళు కడతారు, అంతే. అందుకని క్యాష్‌బ్యాక్ వచ్చినా టాక్సు పూర్తి అద్దె మీదే ఉందని కంగారు పడక్కర్లేదు. పైగా యాప్‌లలో 'టాక్సులు, ఫీజులు' అని ఒకే గీతలో కలిపి చూపిస్తారు. అందులో యాప్ వాడి సొంత ఫీజు, దాని మీద 18 శాతం టాక్సు కూడా ఉంటాయి. అందుకే అక్కడ చూస్తే టాక్సు 5 శాతం కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ గీత మీద నొక్కితే విడివిడిగా విప్పి చూపిస్తుంది.

పన్నెండు పోయి అయిదు వచ్చింది

ఇక మూడోది, అసలు టాక్సు శాతం. 537 రూపాయల 60 పైసలు ఇక్కడ పడ్డాయి. మూడు అంకెలూ, 672, 86.40, 537.60 కలిపి చూసుకోండి, సరిగ్గా 1,296 వస్తుంది.

హోటలు గదుల పన్ను మన రాష్ట్రంలో ఎన్ని వేషాలు మార్చిందో రాస్తే ఒక పేజీ చాలదు. 1987లో రాష్ట్ర ప్రభుత్వం విలాసాల పన్ను చట్టం తెచ్చింది. గదిలో పడుకోవడమూ ఒక విలాసమే అని! 2011లో వెయ్యి రూపాయలకు పైబడిన గదులకు కేంద్రం సర్వీస్ టాక్సు కలిపింది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చి వీటన్నిటినీ మింగేసింది. అప్పుడు వెయ్యి లోపు గదికి పన్ను లేదు. అందుకే మన లాడ్జీల్లో 999 రూపాయల గదులు అన్ని కనిపించేవి. 2022 జులై 18 నుంచి వెయ్యి లోపు గదికి కూడా 12 శాతం పెట్టారు. ఆ తరవాత 2025 సెప్టెంబరు 22 నుంచి, రాత్రికి 7,500 రూపాయలు, ఆ లోపు అద్దె ఉన్న గదులన్నిటికీ అది 5 శాతానికి దిగింది. 7,500 దాటిన గదికి 18 శాతం.

గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట, నరసరావుపేటల్లో మనలాంటివాళ్ళు దిగే గదులు ఏడున్నర వేల లోపే కాబట్టి, మన లెక్క అయిదు శాతమే అనుకోవచ్చు. బిల్లులో అది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. సి.జి.ఎస్.టి. రెండున్నర, ఎస్.జి.ఎస్.టి. రెండున్నర. ఒకటి కేంద్రానికి, ఒకటి రాష్ట్రానికి. మీరు హైదరాబాదు నుంచి వచ్చినా, మద్రాసు నుంచి వచ్చినా గది ఉన్నది ఆంధ్రలో కాబట్టి ఈ రెండే ఉంటాయి. ఐ.జి.ఎస్.టి. అని ఉంటే ఎందుకని అడగాలి.

అయిదు శాతం నోటితో లెక్కెయ్యడం చాలా తేలిక. పదో వంతు తీసి, దాన్ని సగం చెయ్యండి. 2,760లో పదో వంతు 276, సగం 138. అంతే.

ఇక్కడ ఒక పొరపాటు కొన్ని బిల్లుల్లో చూశాను, చెప్పాలి. మా ఆడపడుచు మూడు రాత్రుల అద్దె, మంచం కలిపితే టాక్సు కాకుండా 7,680 అయింది. ఏడున్నర వేలు దాటింది కాబట్టి 18 శాతం అంటే? కుదరదు. ఆ హద్దు ఒక గదికి, ఒక రాత్రికి. నెల రోజులున్నా సరే, రాత్రికి రెండు వేల ఏడు వందల గది అయిదు శాతం గదే. పెళ్ళివారు పది గదులు ఒకే బిల్లు మీద తీసుకున్నా అంతే. రాత్రికో గీత గీసుకోమన్నది ఇందుకే.

మరి ఆ హోటలువాళ్ళు 12 ఎందుకు వేశారు? ఫోను స్పీకరులో పెట్టించి నేనే మాట్లాడాను. కౌంటరులో ఉన్న పెద్దాయన నెమ్మదస్తుడు. "మాకు ఇన్‌పుట్ రావటం లేదమ్మా, అందుకని పాత రేటే ఉంచాం" అన్నాడు. ఆ మాట సగం నిజం. ఇంతకుముందు హోటలువాళ్ళు దుప్పట్లు, ఏసీలు, సబ్బులు కొన్నప్పుడు కట్టిన పన్నును, మన దగ్గర వసూలు చేసిన పన్నులోంచి తగ్గించుకుని ప్రభుత్వానికి కట్టేవారు. అయిదు శాతం గదులకు ఆ వెసులుబాటు తీసేశారు. వాళ్ళకు ఖర్చు పెరిగిన మాట నిజమే. దానికి కావాలంటే వాళ్ళు గది అద్దె పెంచుకోవచ్చు. 2,400 గదిని 2,500 అని చెప్పే హక్కు వాళ్ళకుంది, దిగాలా వద్దా అన్నది మన ఇష్టం. కానీ టాక్సు అని పేరు పెట్టి 12 తీసుకునే హక్కు లేదు. ఏడున్నర వేల లోపు గదికి పన్నెండు శాతమన్నదే ఇప్పుడు లేదు. ఈ ముక్క చెప్పాక ఆయన వాదించలేదు. "మా ఆడిటరుగారితో మాట్లాడి మారుస్తానమ్మా" అని, రాత్రి పెళ్ళి నుంచి వీళ్ళు తిరిగొచ్చేసరికి 8,064కి కొత్త బిల్లు తయారు చేసి ఉంచాడు.

అసలు టాక్సే వెయ్యకూడని చోట

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, రైల్వే స్టేషను ఎదురుగా, ఆస్పత్రుల సందుల్లో చిన్న చిన్న లాడ్జీలు చాలా ఉన్నాయి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్నవాళ్ళు జి.ఎస్.టి.లో రిజిస్టరు కానక్కర్లేదు. పది గదుల లాడ్జి, గది 500 చొప్పున ఏడాదంతా ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా నిండినా 18 లక్షల 25 వేలే. అలాంటి చోట నంబరు తీసుకోకపోతే తప్పు కాదు. కానీ నంబరు లేని లాడ్జి బిల్లులో 'టాక్సు' అన్న గీత ఉందంటే, ఆ డబ్బు ప్రభుత్వానికి పోయే దారే లేదు.

ఎలా తెలుస్తుందంటే, బిల్లు పైన జి.ఎస్.టి. నంబరు కోసం చూడండి. మొత్తం 15 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ హోటలైతే 37తో మొదలవుతుంది, తెలంగాణ అయితే 36తో. ఆ నంబరు లేకపోతే టాక్సు కట్టనక్కర్లేదు. కొందరు రిజిస్టరు అయి కూడా 'కాంపోజిషన్' పద్ధతిలో ఉంటారు. వాళ్ళు తమ వ్యాపారం మీద కొంత శాతం తామే కట్టాలి, మన దగ్గర విడిగా వసూలు చెయ్యకూడదు. ఆ సంగతి బిల్లు మీద అచ్చు వేసి ఉండాలి.

ఆస్పత్రి పనికి వచ్చి వారం పది రోజులు లాడ్జిలో ఉండేవాళ్ళకు ఈ సంగతి బాగా పనికొస్తుంది. మాచర్ల నుంచి, గిద్దలూరు నుంచి వచ్చి గుంటూరులో రోగికి తోడుగా ఉండే ఇంటివాళ్ళు రోజుకు 700 గది తీసుకుని పది రోజులుంటే 7,000. దాని మీద 12 శాతం రాస్తే 840. రిజిస్టరయిన లాడ్జి అయితే 350 కట్టాలి. కాకపోతే ఏమీ కట్టక్కర్లేదు. ఆ డబ్బు రెండు పూటల మందులు.

ఎన్ని రాత్రులని ఎవరు లెక్కపెడతారు?

ఇంతసేపూ మూడు రాత్రులు అని తేలిగ్గా అనేశాను గాని, రాత్రుల లెక్కలో కూడా పేచీ ఉంది. పెద్ద హోటళ్ళు చాలావరకు మధ్యాహ్నం 12కి రోజు మారినట్టు లెక్కేస్తాయి. మన ఊళ్ళ లాడ్జీల్లో ఇరవై నాలుగు గంటల లెక్క, అంటే ఏ గంటకు దిగితే మర్నాడు ఆ గంటకు ఒక రోజు.

శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకు రైలు దిగి, ఆదివారం పొద్దున 10కి ఖాళీ చేశారనుకోండి. ఇరవై నాలుగు గంటల లాడ్జిలో ఆదివారం 5 గంటలకే రెండు రోజులు నిండిపోయాయి. 10 దాకా ఉన్నందుకు సగం రోజో, మూడో రోజో పడుతుంది. పన్నెండు గంటల హోటల్లో శుక్రవారం 12 నుంచి ఆదివారం 12 దాకా రెండు రోజులే. కానీ శుక్రవారం 5 గంటలకే తలుపు తీయించినందుకు సగం అద్దె అడగొచ్చు. గది ఖాళీగా ఉంటే కొందరు ఊరికే ఇస్తారు. తెల్లవారుజామున దిగేవాళ్ళు దీన్ని ముందే ఫోనులో అడిగి తీరాలి. సగం అద్దె పడితే దాని మీద కూడా టాక్సు పడుతుందన్నది మరిచిపోవద్దు. కానీ ఆ సగం పూటకు మంచం లెక్క వేశారేమో చూడండి. పొద్దున 5 నుంచి 12 దాకా ఎవరూ ఆ పరుపు వెయ్యలేదు కదా!

తగ్గింపు ఎప్పుడు దొరుకుతుందన్నది మన ప్రాంతంలో పంట చెబుతుంది. జనవరి చివర నుంచి వేసవి దాకా మిర్చి యార్డుకు సరుకొస్తుంది. కొనుగోలుదారులు, కమిషన్ వ్యాపారులు, బయటి రాష్ట్రాల వాళ్ళు గదులు పట్టుకుని ఉంటారు. ఆ రోజుల్లో పది శాతం అడిగితే నవ్వుతారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళప్పుడు నరసరావుపేటలోనూ అంతే. ఆషాఢంలో, భాద్రపదంలో పెళ్ళిళ్ళుండవు, యార్డు మందంగా ఉంటుంది. అప్పుడు అడగండి, పది కాదు, ఇంకా ఎక్కువే ఇస్తారు.

'అన్నీ కలిపి' అంటే

చివరగా ఒక మాట తరచూ వింటుంటాం. "అన్నీ కలిపి 2,500 ఇచ్చెయ్యండమ్మా." ఇది మంచి బేరమే, రేపు ఏం పడుతుందో అన్న బెంగ ఉండదు. అయితే కలిపిన టాక్సెంతో తెలియాలంటే 2,500ను 1.05తో భాగించాలి. గది 2,380 రూపాయల 95 పైసలు, టాక్సు 119 రూపాయల 5 పైసలు వస్తుంది. 2,500లో అయిదు శాతం 125 కదా అనుకుంటే పొరపాటు. బిల్లులో 2,500 రాసి, దాని మీద మళ్ళీ 125 వేస్తే, 'అన్నీ కలిపి' అన్న మాట తప్పినట్టే.

అలాగే బిల్లు కింద 'సర్వీస్ ఛార్జి' అని ఒక గీత కనిపిస్తే, అది టాక్సు కాదు. హోటళ్ళు, రెస్టారెంట్లు దాన్ని తమంతట తాముగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఇష్టముంటే ఇవ్వచ్చు, లేకపోతే తీసెయ్యమనచ్చు.

బిల్లు కట్టి ఇంటికొచ్చాక తప్పు కనిపిస్తే ఏం చెయ్యాలని మా ఆడపడుచు అడిగింది. బిల్లు నంబరు, తేదీ చెప్పి క్రెడిట్ నోట్ ఇమ్మని హోటలుకు రాయాలి. ఎక్కువ వసూలు చేసిన మొత్తం, దాని టాక్సుతో సహా వెనక్కి ఇస్తున్నట్టు వాళ్ళు రాసిచ్చే కాగితం అది. ఇవ్వమంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చెయ్యొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. బిల్లు కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఫోనులో మాట్లాడుకున్న అద్దె తాలూకు వాట్సాప్ మెసేజి, ఈ మూడూ దగ్గరుండాలి. వీటన్నిటికంటే తేలికైనది, ఖాళీ చేసే ముందు రోజు సాయంత్రమే బిల్లు అడిగి తెప్పించుకోవడం. ఆదివారం పొద్దున ఆటో హారను మోగుతుండగా రిజిస్టరు పేజీ తియ్యమని ఎవరడుగుతారు చెప్పండి?